మైసెల్ఫ్ ఎక్కడ, మి ఎక్కడ: ఉద్యోగ దరఖాస్తు రాసేవాళ్లకు ఒక సమగ్ర మార్గదర్శి

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి డిగ్రీ అయిపోగానే బెంగళూరుకో హైదరాబాద్‌కో దరఖాస్తులు పెట్టే పిల్లల మెయిళ్లు దిద్దడం నా పనిలో ఒక భాగం. ఈ రోజుల్లో స్పెల్లింగ్ తప్పులు పెద్దగా కనబడవు, వాటిని ఫోనే సరిచేస్తుంది. ఫోన్ చాలాసార్లు పట్టించుకోకుండా వదిలేసే తప్పు ఒకటుంది. "మైసెల్ఫ్ రమేష్ ఫ్రమ్ అనంతపూర్" అని మొదలుపెట్టి, "ప్లీజ్ కాంటాక్ట్ మైసెల్ఫ్" అని ముగించడం. రెండు చోట్లా మైసెల్ఫ్‌కు పని లేదు. మొదటి చోట "ఐ యామ్ రమేష్" అనాలి, రెండో చోట "ప్లీజ్ కాంటాక్ట్ మి" అనాలి.

ఎందుకిలా రాశావని అడిగితే ఎక్కువమంది చెప్పే కారణం ఒకటే: "మి అంటే మరీ మొరటుగా ఉంటుందేమో సార్, మైసెల్ఫ్ అయితే కొంచెం మర్యాదగా ఉంటుంది కదా." మనకు నువ్వు, మీరు అనే తేడా ఉంది కాబట్టి మాట పొడుగైతే గౌరవం పెరుగుతుందని అనిపించడం సహజమే. ఇంగ్లీషులో మి, యూ, హిమ్ మాటలకు గౌరవంతోనూ అగౌరవంతోనూ సంబంధం లేదు. మర్యాదంతా ప్లీజ్‌లో, కుడ్ యూలో ఉంటుంది. అందుకని "ఐ విల్ సెండ్ ఇట్ టు యువర్‌సెల్ఫ్ సర్" అని రాస్తే ఆ సార్‌కి గౌరవం పెరగదు, వాక్యం తప్పుతుంది. "టు యూ, సర్" చాలు.

సెల్ఫ్ మాటలు ఎనిమిది: మైసెల్ఫ్, యువర్‌సెల్ఫ్, హిమ్‌సెల్ఫ్, హర్‌సెల్ఫ్, ఇట్‌సెల్ఫ్, అవర్‌సెల్వ్స్, యువర్‌సెల్వ్స్, దెమ్‌సెల్వ్స్. హిజ్‌సెల్ఫ్, దెయిర్‌సెల్వ్స్ అని ప్రామాణిక ఇంగ్లీషులో లేవు. ఒక్కరితో మాట్లాడితే యువర్‌సెల్ఫ్, ఇద్దరు అంతకంటే ఎక్కువమందితో అయితే యువర్‌సెల్వ్స్. యూ అనే మాటలో లేని ఏకవచనం, బహువచనం తేడా ఇక్కడ ఉంటుంది. రూపాల గురించి ఇంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. కష్టమంతా ఎక్కడ వాడాలన్నదే.

మొదటి మెట్టు: పని చేసింది ఎవరు, ఆ పని తగిలింది ఎవరికి?

వాక్యంలో క్రియను పట్టుకోండి. ఆ పని ఎవరు చేశారు? అది ఎవరికి తగిలింది? ఇద్దరూ ఒకరే అయితే సెల్ఫ్ మాట, వేర్వేరు మనుషులైతే మి, హిమ్, హర్, దెమ్ లాంటి మామూలు మాట. "ది డ్రైవర్ హర్ట్ హిమ్‌సెల్ఫ్" అంటే డ్రైవర్ తనకు తానే దెబ్బ తగిలించుకున్నాడు. "ది డ్రైవర్ హర్ట్ హిమ్" అంటే డ్రైవర్ వల్ల ఇంకొకడికి దెబ్బ తగిలింది. నాలుగు అక్షరాల తేడాతో దెబ్బ అవతలివాడికి మారి, డ్రైవర్ మీద పోలీసు కేసు పడుతుంది.

ఆజ్ఞల్లో పని చేసేవాడు పైకి కనబడడు. "హెల్ప్ యువర్‌సెల్ఫ్" అన్నప్పుడు చెయ్యాల్సింది యూ, అందేదీ యూకే, కాబట్టి సెల్ఫ్ సరైనదే. "ప్లీజ్ కాంటాక్ట్ మి"లోనూ చెయ్యాల్సింది యూనే, కానీ కాంటాక్ట్ అందుకునేది నేను. ఇద్దరు వేర్వేరు మనుషులు. ఇక్కడ మైసెల్ఫ్ రాయాలంటే నన్ను నేనే కాంటాక్ట్ చేసుకోవాలి.

మధ్యలో ఇంకొకరి పేరు వస్తే చెవి మోసపోతుంది. "ప్లీజ్ కాంటాక్ట్ మై బ్రదర్ ఆర్ మైసెల్ఫ్" వినడానికి బాగానే ఉన్నట్టుంటుంది. అన్నను కాసేపు పక్కన పెట్టండి. మిగిలేది "ప్లీజ్ కాంటాక్ట్ మైసెల్ఫ్". తప్పు వెంటనే తెలిసిపోతుంది. కాబట్టి "మై బ్రదర్ ఆర్ మి". కర్త స్థానంలో కూడా ఇదే పరీక్ష. "సురేష్ అండ్ మైసెల్ఫ్ వెంట్ టు కర్నూల్" లోంచి సురేష్‌ను తీసేస్తే "మైసెల్ఫ్ వెంట్" మిగులుతుంది. ఎవరూ అలా అనరు, "ఐ వెంట్" అంటారు. కాబట్టి "సురేష్ అండ్ ఐ". మైసెల్ఫ్ వద్దన్నారని కొందరు అన్నిచోట్లా ఐ పెట్టేస్తారు, అదీ కుదరదు. "బిట్వీన్ యూ అండ్ ఐ" తప్పు, "బిట్వీన్ యూ అండ్ మి" ఒప్పు.

రెండో మెట్టు: ఏ క్రియకు ఎవరు కర్త?

ఇక్కడ మన తెలుగే మనల్ని పక్కదారి పట్టిస్తుంది. "కంపెనీ తనను తీసుకుంటుందని శిరీష అనుకుంది" అంటాం. తీసుకునేది కంపెనీ, అనుకునేది శిరీష. మన తన అనే మాట ఒక వాక్యం గోడ దాటి వెళ్లి శిరీషను పట్టుకోగలదు. ఇంగ్లీషు సెల్ఫ్‌కు ఆ శక్తి లేదు. అది తన క్రియ పక్కనున్న కర్తనే చూస్తుంది. "శిరీష హోప్స్ దట్ ది కంపెనీ విల్ సెలెక్ట్ హర్" అనాలి. హర్‌సెల్ఫ్ అనకూడదు, ఎందుకంటే సెలెక్ట్‌కు కర్త కంపెనీ. దట్ కనబడగానే అక్కడ ఒక గీత గీసుకుని, గీత తర్వాత ఉన్న కర్తను మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

దీనివల్ల ఇంగ్లీషుకు చిన్న ఇబ్బంది కూడా ఉంది. ఆ హర్ శిరీషే కావచ్చు, ఇంకో అమ్మాయి కావచ్చు. తెలుగులో తనను, ఆమెను అని వేరు చేస్తాం. ఇంగ్లీషులో అనుమానం వస్తుందనుకుంటే పేరే రాయడం మంచిది. అనుమానం తీర్చడానికి సెల్ఫ్ తగిలించడం మాత్రం పనికిరాదు.

టు తర్వాత క్రియ వచ్చే వాక్యాల్లో కర్త దాక్కుని ఉంటుంది. "ది మేనేజర్ ఆస్క్‌డ్ మి టు ఇంట్రొడ్యూస్ మైసెల్ఫ్." అడిగింది మేనేజరే అయినా పరిచయం చేసుకోవాల్సింది నేను, పరిచయమయ్యేదీ నేనే. మైసెల్ఫ్ ఒప్పు. "ది మేనేజర్ ఆస్క్‌డ్ మి టు సెండ్ హిమ్ ది సర్టిఫికెట్స్." పంపాల్సింది నేను, అందుకోవాల్సింది ఆయన. హిమ్ ఒప్పు, హిమ్‌సెల్ఫ్ తప్పు. పోటీ పరీక్షల్లో తప్పు పట్టమని ఇచ్చే వాక్యాలకు ఇలాంటి చోట్లు బాగా పనికొస్తాయి.

మూడో మెట్టు: కొను ఉన్నచోటల్లా సెల్ఫ్ పెట్టకండి

తెలుగులో ఈ పని కొను చేస్తుంది. నన్ను నేను తిట్టుకున్నాను, తనను తాను పొగుడుకున్నాడు. ఇలాంటివాటికి సెల్ఫ్ సరిగ్గా అతుకుతుంది: "ఐ స్కోల్డెడ్ మైసెల్ఫ్", "హి ప్రెయిజ్డ్ హిమ్‌సెల్ఫ్". చిక్కేమిటంటే మన కొను ఇంకా చాలా పనులు చేస్తుంది, వాటికి ఇంగ్లీషులో సెల్ఫ్ అక్కర్లేదు.

నేర్చుకున్నాను అంటే "ఐ లెర్న్‌ట్", అంతే. గుర్తు పెట్టుకో అంటే "రిమెంబర్". పడుకున్నాను, కూర్చున్నాను అన్నవాటిలోనూ సెల్ఫ్ రాదు. గడ్డం గీసుకున్నాడు అంటే "హి షేవ్డ్". జుట్టు దువ్వుకుంది అంటే "షి కోమ్‌డ్ హర్ హెయిర్". అక్కడ జుట్టు మీద హర్ అనే మాట ఉంటుంది, హర్‌సెల్ఫ్ ఉండదు. బాగా అనిపించింది అనడానికి "ఐ ఫెల్ట్ గుడ్", "ఐ ఫెల్ట్ మైసెల్ఫ్ గుడ్" కాదు. "కాన్‌సన్‌ట్రేట్", "రిలాక్స్" కూడా ఒంటరిగానే నిలబడతాయి.

ఇంకో రకం కొను మరీ ప్రమాదం. "ఇద్దరూ బస్టాండులో కలుసుకున్నారు" అంటే ఎవరికి వారు కలుసుకోలేదు, ఒకరినొకరు కలిశారు. "దే మెట్ ఈచ్ అదర్" అనాలి, లేదా ఉత్తినే "దే మెట్". "అన్నదమ్ములు తిట్టుకున్నారు" అన్నదాన్ని "ది బ్రదర్స్ స్కోల్డెడ్ దెమ్‌సెల్వ్స్" అని రాస్తే, ఒక్కొక్కరూ తమ తప్పు తలచుకుని తమనే తిట్టుకున్నారని అర్థం వస్తుంది. పొలం గట్టు దగ్గర జరిగింది అది కాదు కదా. "ఈచ్ అదర్" రాయాలి. తెలుగు వాక్యంలో ఒకరినొకరు అని చేర్చి చూడండి. అర్థం చెడకపోతే ఈచ్ అదర్. ఎవరికి వారే, లేదా తనను తానే అని చేరిస్తే సరిపోతే సెల్ఫ్.

దీనికి తిరగేసిన తప్పు ఒకటి మన దేశమంతా ఉంది. "వి ఎంజాయ్‌డ్ ఎ లాట్" అంటారు. ఎంజాయ్ అన్న క్రియకు ఏదో ఒక కర్మ కావాలని ప్రామాణిక ఇంగ్లీషు ఆశిస్తుంది. "వి ఎంజాయ్‌డ్ ది ట్రిప్" అనండి, లేకపోతే "వి ఎంజాయ్‌డ్ అవర్‌సెల్వ్స్". అలాగే అవెయిల్. కంపెనీ ఇచ్చే సౌకర్యాన్ని ఉపయోగించుకున్నాడు అనడానికి వ్యాకరణ పుస్తకాలు అడిగే రూపం "హి అవెయిల్డ్ హిమ్‌సెల్ఫ్ ఆఫ్ ది ఫెసిలిటీ". మన ఆఫీసుల్లో "అవెయిల్డ్ ది లీవ్" అనేది రోజూ నడుస్తుంది, అర్థమూ అవుతుంది. పరీక్షలో మాత్రం హిమ్‌సెల్ఫ్, ఆఫ్ రెండూ కలిసి రావాలి.

నాలుగో మెట్టు: మనిషి ఒకడే అయినా మామూలు మాటే కావాల్సిన చోటు

ఇంతవరకూ చెప్పిన సూత్రం పట్టుకుని వెళ్తే ఒకచోట ఆగిపోతారు. "సర్టిఫికెట్లు నాతో తెస్తాను." తెచ్చేది నేను, నాతో అన్నదీ నేనే. అయినా "ఐ విల్ బ్రింగ్ ది సర్టిఫికెట్స్ విత్ మి" అనాలి, విత్ మైసెల్ఫ్ అనకూడదు. "హి క్లోజ్డ్ ది డోర్ బిహైండ్ హిమ్." "షి కెప్ట్ ది బ్యాగ్ బిసైడ్ హర్." "డు యూ హ్యావ్ ఎనీ క్యాష్ ఆన్ యూ?" అన్నీ మామూలు మాటలే.

కారణం ఇది. విత్, బిహైండ్, బిసైడ్, ఆన్ ఇక్కడ కేవలం చోటు చెబుతున్నాయి, లేదా వెంట ఉందని చెబుతున్నాయి. తలుపు వేసిన పని తలుపుకు తగిలింది, మనిషికి కాదు. మనిషి ఆ చోటుకు ఒక గుర్తు మాత్రమే. అదే "షి లుక్డ్ ఎట్ హర్‌సెల్ఫ్ ఇన్ ది మిర్రర్" అన్నప్పుడు చూపు ఆమె మీదే పడుతోంది, పని నేరుగా ఆమెకే తగులుతోంది. అందుకే సెల్ఫ్. "ప్రౌడ్ ఆఫ్ హర్‌సెల్ఫ్", "టాక్ టు యువర్‌సెల్ఫ్", "లుక్ ఆఫ్టర్ యువర్‌సెల్ఫ్" అన్నీ ఈ రెండో గుంపే.

తేడా తెలియకపోతే మామూలు మాట పెట్టి చదవండి. "షి లుక్డ్ ఎట్ హర్" అనగానే ఇంకో ఆడమనిషి వచ్చి నిలబడుతుంది. అర్థం వేరే మనిషి మీదకు వెళ్లిపోయింది కాబట్టి సెల్ఫ్ తప్పనిసరి. "షి కెప్ట్ ది బ్యాగ్ బిసైడ్ హర్" అంటే మాత్రం ఎవరైనా ఆమె పక్కనే అనుకుంటారు. అర్థం కదల్లేదు, మామూలు మాటతో పని అయిపోయింది.

బిసైడ్ దగ్గర కొంచెం జాగ్రత్త. "హి వాజ్ బిసైడ్ హిమ్‌సెల్ఫ్" అంటే పక్కన ఉన్నాడని కాదు, కోపంతోనో దుఃఖంతోనో ఒళ్లు తెలియకుండా ఉన్నాడని. ఇది నానుడి, ఉన్నదున్నట్టు గుర్తు పెట్టుకోవాల్సిందే. "బై మైసెల్ఫ్" కూడా అలాంటిదే. ఒంటరిగా అని ఒక అర్థం, ఎవరి సాయం లేకుండా అని ఇంకో అర్థం. "ఐ ట్రావెల్డ్ టు బెంగళూర్ బై మైసెల్ఫ్" నిక్షేపంగా రాయొచ్చు.

ఐదో మెట్టు: నొక్కి చెప్పే సెల్ఫ్

ఇంతవరకూ చూసింది రిఫ్లెక్సివ్. అవే ఎనిమిది మాటలు ఎంఫాటిక్‌గా, అంటే నొక్కి చెప్పడానికి కూడా వస్తాయి. "ది తహసీల్దార్ హిమ్‌సెల్ఫ్ సైన్డ్ ది సర్టిఫికెట్." గుమాస్తా కాదు, తహసీల్దారే సంతకం పెట్టాడు. హిమ్‌సెల్ఫ్ తీసేసి చదవండి: "ది తహసీల్దార్ సైన్డ్ ది సర్టిఫికెట్." వాక్యం నిలబడింది, నొక్కు ఒక్కటే పోయింది. తీసేసినా వాక్యం నిలబడితే అది ఎంఫాటిక్. "ది డ్రైవర్ హర్ట్ హిమ్‌సెల్ఫ్" లోంచి తీసేస్తే ఎవరికి దెబ్బ తగిలిందో తెలియకుండా వాక్యం కుంటుతుంది, అది రిఫ్లెక్సివ్.

ఎంఫాటిక్ ఎప్పుడూ ఎవరికో ఒకరికి అంటుకుని ఉండాలి. ఎవరికి అంటుకుందో దాన్నిబట్టి అర్థం మారుతుంది. "ఐ మెట్ ది కలెక్టర్ మైసెల్ఫ్" అంటే ఎవరినో పంపలేదు, నేనే వెళ్లి కలిశాను. "ఐ మెట్ ది కలెక్టర్ హిమ్‌సెల్ఫ్" అంటే కింది అధికారిని కాదు, ఏకంగా కలెక్టర్‌నే కలిశాను. కలెక్టర్ మహిళ అయితే హర్‌సెల్ఫ్. మనం ఏ అనే చిన్న అక్షరాన్ని ఏ మాటకు తగిలిస్తామో, ఇంగ్లీషువాళ్లు ఏ సెల్ఫ్ ఎంచుకుంటారో, రెండూ చేసే పని ఒకటే.

"మైసెల్ఫ్ రమేష్" ఎందుకు చెల్లదో ఇప్పుడు పూర్తిగా అర్థమవుతుంది. రిఫ్లెక్సివ్ అనుకుందామంటే అక్కడ పని లేదు, చేసేవాడూ లేడు. ఎంఫాటిక్ అనుకుందామంటే అంటుకోవడానికి ముందు ఐ లేదు. "ఐ మైసెల్ఫ్" అని రాసినా పరిచయంలో నవ్వులాటగా ఉంటుంది, నేనేనండీ స్వయానా రమేష్‌ను అన్నట్టు.

ఒక మెయిల్ దిద్దుదాం

ఇలాంటి మెయిళ్లు చాలా వస్తాయి కాబట్టి, అన్ని తప్పులూ ఒకేచోట కనబడేలా నేనే ఒకటి కూర్చాను. ప్రొద్దుటూరులో బీకాం చదివిన అమ్మాయి రాసిందనుకోండి:

"మైసెల్ఫ్ శిరీష ఫ్రమ్ ప్రొద్దుటూర్. మై ఫ్రెండ్ అండ్ మైసెల్ఫ్ రోట్ ది టెస్ట్ ఆన్ మండే. ది మేనేజర్ టోల్డ్ మై ఫ్రెండ్ అండ్ మైసెల్ఫ్ టు వెయిట్. ఐ లెర్న్‌ట్ మైసెల్ఫ్ ట్యాలీ. ఐ విల్ బ్రింగ్ మై సర్టిఫికెట్స్ విత్ మైసెల్ఫ్. ఐ హోప్ దట్ ది కంపెనీ విల్ గివ్ మైసెల్ఫ్ ఎ ఛాన్స్. ప్లీజ్ కాంటాక్ట్ మై ఫాదర్ ఆర్ మైసెల్ఫ్."

మొదటి వాక్యం "ఐ యామ్ శిరీష". రెండో వాక్యంలో ఫ్రెండ్‌ను తీసేస్తే "ఐ రోట్" అంటాం కాబట్టి "మై ఫ్రెండ్ అండ్ ఐ". మూడో దాంట్లో ఫ్రెండ్‌ను తీసేస్తే "టోల్డ్ మి" మిగలాలి, చెప్పింది మేనేజర్, విన్నది నేను. కాబట్టి "మై ఫ్రెండ్ అండ్ మి". ఈ రెండు వాక్యాల్లో ఒకే జంట ఒకచోట ఐ తోనూ ఇంకోచోట మి తోనూ వచ్చింది. చాలామంది మైసెల్ఫ్ వెనక దాక్కునేది ఐ, మి లలో ఏది పెట్టాలో తేల్చుకోలేకే.

నాలుగోది ఆసక్తికరమైన వాక్యం. ఆ అమ్మాయి చెప్పదలచింది ట్యాలీని ఎవరి దగ్గరా కోచింగ్ లేకుండా సొంతంగా నేర్చుకున్నానని. ఇది ఉద్యోగమిచ్చేవాడు గమనించాల్సిన మాట, కొట్టేయకూడదు. లెర్న్‌ట్ పక్కన మైసెల్ఫ్ కర్మగా రాదు, నేర్చుకునేది ట్యాలీని కాబట్టి. రెండు దారులున్నాయి. "ఐ టాట్ మైసెల్ఫ్ ట్యాలీ" అంటే నాకు నేనే నేర్పుకున్నాను, ఇది రిఫ్లెక్సివ్. "ఐ లెర్న్‌ట్ ట్యాలీ బై మైసెల్ఫ్" అన్నా నడుస్తుంది. నేనైతే మొదటిదే రాయిస్తాను, ఇంగ్లీషు చెవికి అదే సహజంగా ఉంటుంది.

ఐదో వాక్యం నాలుగో మెట్టులో చూశాం, "విత్ మి". ఆరో దాంట్లో దట్ దగ్గర గీత గీయండి. గీత తర్వాత కర్త కంపెనీ, ఛాన్స్ అందాల్సింది నాకు, కాబట్టి "గివ్ మి ఎ ఛాన్స్". చివరిది "మై ఫాదర్ ఆర్ మి". ఏడు మైసెల్ఫ్‌లలో మిగిలింది ఒక్కటి, అదీ వేరే క్రియ పక్కకు జరిగాక.

ఏడూ దిద్దాక మెయిల్ ఇలా ఉంటుంది: "ఐ యామ్ శిరీష ఫ్రమ్ ప్రొద్దుటూర్. మై ఫ్రెండ్ అండ్ ఐ రోట్ ది టెస్ట్ ఆన్ మండే. ది మేనేజర్ టోల్డ్ మై ఫ్రెండ్ అండ్ మి టు వెయిట్. ఐ టాట్ మైసెల్ఫ్ ట్యాలీ. ఐ విల్ బ్రింగ్ మై సర్టిఫికెట్స్ విత్ మి. ఐ హోప్ దట్ ది కంపెనీ విల్ గివ్ మి ఎ ఛాన్స్. ప్లీజ్ కాంటాక్ట్ మై ఫాదర్ ఆర్ మి."

కచ్చితంగా గీత గీయలేని చోట్లు

"పీపుల్ లైక్ మైసెల్ఫ్", "నోబడీ ఎక్సెప్ట్ మైసెల్ఫ్", "యాజ్ ఫర్ మైసెల్ఫ్" లాంటివి మంచి ఇంగ్లీషు రాసేవాళ్ల రచనల్లోనే కనబడతాయి. పాత రచయితలూ రాశారు, ఇప్పటి డిక్షనరీలూ వాటిని నమోదు చేశాయి. కాబట్టి ఎవరైనా "పీపుల్ లైక్ మైసెల్ఫ్" అంటే వేలెత్తి చూపించక్కర్లేదు. మీరు రాసేటప్పుడు "లైక్ మి", "ఎక్సెప్ట్ మి" అంటే ఏ పరీక్షలోనూ మార్కు పోదు, ఏ ఆఫీసులోనూ ఎవరూ తప్పు పట్టరు. "యాజ్ ఫర్ మి" కూడా అంతే.

ఎవ్రీవన్ దగ్గర ఇంకో తికమక. పాత వ్యాకరణ పుస్తకాలు "ఎవ్రీవన్ ఎంజాయ్‌డ్ హిమ్‌సెల్ఫ్" అనమంటాయి. ఇప్పుడు మామూలుగా వినబడేది, రాసేది "ఎవ్రీవన్ ఎంజాయ్‌డ్ దెమ్‌సెల్వ్స్". మెయిల్లో రెండోదే రాయండి. పోటీ పరీక్షలో ఆప్షన్లలో దెమ్‌సెల్వ్స్ లేకుండా హిమ్‌సెల్ఫ్ ఒక్కటే ఉంటే, ఆ ప్రశ్న తయారుచేసినవాళ్లు పాత పుస్తకం పట్టుకున్నారని అర్థం చేసుకుని దాన్నే గుర్తించండి.